పాతిన నీటి పైపు బెండు దగ్గర జారిపోకుండా థ్రస్ట్ బ్లాకు ఎలా కట్టాలి

సంపు నుంచి ఓవర్‌హెడ్ ట్యాంకుకు వేసిన కొత్త లైను ఒత్తిడి టెస్టులో నిలవకపోతే నేను మొదట బెండ్ల దగ్గరికి, ఆ తర్వాత లైను చివరను మూసే డమ్మీ దగ్గరికి వెళ్లి చూస్తాను. తిన్నగా పోయే పైపు తనంతట తాను ఊడిపోవడం అరుదు. ఊడేది మలుపు దగ్గర, చివర, టీ దగ్గర, మూసిన వాల్వు దగ్గర. అక్కడ సిమెంటు ముద్ద ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. దాన్ని చూసి "బ్లాకు వేశాం కదా" అంటారు. ఆ ముద్ద వెనక ఏముందో చూడరు. ఈ వ్యాసమంతా ఆ వెనక భాగం గురించే. బ్లాకు తన బరువుతో పైపును ఆపదు. పైపు నెట్టే బలాన్ని తీసుకుని వెనక ఉన్న నేల గోడ మీద వెడల్పుగా పరచడమే దాని పని. ఆపేది ఆ నేల.

ఇక్కడ చెప్పేదంతా రబ్బరు రింగుతో కలిపే పైపులకు, అంటే ఒక పైపు వెడల్పు నోరైన సాకెట్లోకి ఇంకో పైపు కొన, అదే స్పిగాట్, నెట్టి బిగించే డక్టైల్ ఐరన్ అనే డీఐ పైపులకు, పీవీసీ పైపులకు. ఆ రింగు నీటిని ఆపుతుంది కానీ పైపును పట్టి ఉంచదు. నెడితే లోపలికి పోయినట్టే, లాగితే బయటికి వస్తుంది.

బలం ఎంత అనేది ముందు లెక్కకట్టండి

నీళ్లు మలుపు తిరిగేటప్పుడు వేగంతో కొట్టడం వల్ల బెండు కదులుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. 150 ఎంఎం పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో నీరు పోతుంటే, ఆ వేగం వల్ల వచ్చే బలం రెండు కేజీల చుట్టూ ఉంటుంది, అంతే. అసలు బలం ఒత్తిడి నుంచి వస్తుంది. తిన్నటి పైపులో ఒకవైపు ఒత్తిడి రెండో వైపు ఒత్తిడితో సరిపోతుంది. మలుపు దగ్గర ఆ రెండూ ఒకే గీత మీద ఉండవు కాబట్టి మిగిలిన బలం బెండును బయటి వైపుకు నెడుతుంది. అందుకే వాల్వు మూసి, నీరు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు కూడా బెండు ఊడుతుంది. రాత్రి పంపు ఆపి ఉన్నా, ట్యాంకులోని నీటి బరువు లైను మీద ఉన్నంతసేపు ఆ బలం అక్కడే ఉంటుంది.

లెక్క ఇది:

```
T = 2 × P × A × sin(θ/2)
```

ఇందులో T బెండును నెట్టే బలం, P ఒత్తిడి, A పైపు అడ్డుకోత వైశాల్యం, θ బెండు కోణం. సైను పట్టిక వెతుక్కోనక్కరలేకుండా గుర్తుపెట్టుకునే పద్ధతి చెబుతాను. ఒత్తిడిని వైశాల్యంతో గుణించండి. వచ్చినదాన్ని 90 డిగ్రీల బెండయితే 1.41తో, 45 అయితే 0.77తో, 22.5 అయితే 0.39తో, 11.25 అయితే 0.20తో గుణించండి. లైను చివర డమ్మీకి మాత్రం గుణకం ఏమీ లేదు, వచ్చిన అంకె మొత్తం దాని మీదే పడుతుంది. టీకి కూడా అంతే, కానీ అక్కడ వైశాల్యం పెద్ద లైనుది కాదు, చీలే కొమ్మది.

రెండు చోట్ల పొరపాటు జరుగుతుంది. ఒకటి వైశాల్యం. పైపు మీద 150 అని రాసి ఉంటే 15 సెంటీమీటర్లు పట్టి లెక్క వేస్తారు. స్పిగాట్ సాకెట్లో కూర్చున్న చోట ఒత్తిడి పనిచేసేది పైపు బయటి వ్యాసం మీద. 150 డీఐ పైపు బయటి వ్యాసం 170 ఎంఎం. 15 సెంటీమీటర్లు పట్టుకుంటే వైశాల్యం 177 చదరపు సెంటీమీటర్లు వస్తుంది, 17 పట్టుకుంటే 227. నాలుగో వంతుకు మించిన తేడా. రెండోది ఒత్తిడి. రోజూ నడిచే ఒత్తిడి కాకుండా, లైను తన జీవితంలో చూడబోయే అతి పెద్ద ఒత్తిడి తీసుకోవాలి. మామూలుగా అది హైడ్రో టెస్టు ఒత్తిడి, నడిచే ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు. పొడవాటి పంపింగ్ లైనులో కరెంటు పోయి పంపు ఒక్కసారిగా ఆగినప్పుడు కొట్టే దెబ్బ అంతకంటే పెద్దదయితే ఆ అంకెనే తీసుకోవాలి. డీఐ పైపులో సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే నీరు హఠాత్తుగా నిలిస్తే దాదాపు 100 మీటర్ల నీటి ఎత్తు, అంటే చదరపు సెంటీమీటరుకు 10 కేజీల అదనపు ఒత్తిడి పుట్టగలదు. మన వైపు కరెంటు ఎన్నిసార్లు ట్రిప్ అవుతుందో మీకే తెలుసు.

ఒక ఉదాహరణ పెట్టుకుని చివరిదాకా దానితోనే నడుద్దాం. దేవరకొండ వైపు ఒక ఊరు అనుకోండి. ఊరి బయట సంపు, ఊళ్లో ఎత్తు మీద ట్యాంకు, మధ్యలో 150 డీఐ లైను. ట్యాంకు ఎత్తు, లైనులో రాపిడి నష్టం కలిపి పంపు దగ్గర చదరపు సెంటీమీటరుకు 6 కేజీల ఒత్తిడి. ఒకటిన్నర రెట్లు అంటే టెస్టు 9 కేజీలకు. లైను చిన్నది, పంపు ఆగినప్పటి దెబ్బ కూడా ఈ 9 లోపే ఉందని డిజైనులో చూసుకున్నారు. 9ని 227తో గుణిస్తే 2,043 కేజీలు. ఊరి మూల మీద 90 డిగ్రీల బెండు ఉంది, 1.414తో గుణిస్తే సుమారు 2,890 కేజీలు. జానెడు వెడల్పు కూడా లేని పైపు మలుపు దగ్గర దాదాపు మూడు టన్నుల తోపు. ఈ అంకెను ఒక్కసారి మేస్త్రీకి చెప్పండి, ఆయన బ్లాకును చూసే తీరే మారుతుంది.

ఆ తర్వాత నేలను చూడండి

నేల పక్క నుంచి ఎంత బలాన్ని తట్టుకుంటుందో దాన్నిబట్టి బ్లాకు వెనక ముఖం వెడల్పు, ఎత్తు తేలుతాయి. పునాదికి వాడే అంకెలు ఇక్కడ పనికిరావు, ఇక్కడ నేల మీద భారం పక్క నుంచి పడుతుంది. పైపు మీద కనీసం మీటరు మట్టి ఉన్న చోట నేను ఈ అంకెలు పట్టుకుంటాను: గడ్డపార గట్టిగా దింపితేనే దిగే మొరానికి చదరపు మీటరుకు 10 టన్నులు, దుబ్బ నేలకు 7, నల్లరేగడికి 5. వరి మడి పక్కన, కాలువ కింద ఊట దిగిన మెత్తటి మట్టికి 2.5 కంటే ఎక్కువ ఇవ్వను. బొటనవేలు నొక్కితే సులువుగా దిగిపోయే మట్టికి ఏమీ ఇవ్వను, అక్కడ బ్లాకు మాటే వదిలేస్తాను. పెద్ద లైనుకు, అంటే 300 దాటిన వాటికి, మట్టి పరీక్ష చేయించాలి. ఈ కంటి అంచనాలు వాటికి చాలవు.

దేవరకొండ, కల్వకుర్తి వైపు ఎర్ర చల్కల కింద మీటరు లోపే మొరం తగులుతుంది. అది అదృష్టం. మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ కింద అదే 150 లైను వేస్తే పైన పొలం, కింద తడి, బ్లాకు నాలుగు రెట్లు కావాలి. ఒకే డ్రాయింగు పట్టుకుని రెండు చోట్లా ఒకే బ్లాకు పోస్తే రెండో చోట జారుతుంది.

మన ఉదాహరణలో మొరం. 2,890 కేజీలను భద్రత కోసం 1.5తో గుణిస్తే 4,335 కేజీలు. చదరపు మీటరుకు 10 టన్నులు కాబట్టి 0.43 చదరపు మీటర్ల ముఖం కావాలి. 75 సెంటీమీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల ఎత్తు పెడితే 0.45 వస్తుంది, సరిపోయింది. ఎత్తు ఇష్టమొచ్చినట్టు పెంచకండి. బ్లాకు అడుగు నేలమట్టానికి ఎంత లోతులో ఉందో అందులో సగానికి మించి బ్లాకు ఎత్తు ఉండకూడదు. మించితే బ్లాకు వెనక మట్టి పైకి ఎగదన్నుకుని లేస్తుంది. మీటరు మట్టి కింద పైపు, 60 సెంటీమీటర్ల బ్లాకు పైపు మధ్యగీతకు సమంగా అంటే అడుగు 1.38 మీటర్ల లోతున ఉంటుంది, సగం 69 సెంటీమీటర్లు. ఇబ్బంది లేదు. ఇంకా వైశాల్యం కావలిస్తే వెడల్పు పెంచండి.

తవ్వే తీరు

ఇక్కడే పని చెడుతుంది. జేసీబీ మూల దగ్గరికి వచ్చి తిరగడానికి చోటు చాలక బెండు బయటి మూలను కూడా గీకేస్తుంది. పైపు వేశాక ఆ గుంత నిండా వదులు మట్టి తోసి, దాని ముందు కాంక్రీటు పోస్తారు. ఒత్తిడి ఎక్కగానే వదులు మట్టి నలుగుతుంది, బ్లాకు రెండు మూడు సెంటీమీటర్లు వెనక్కి పోతుంది. రబ్బరు రింగు జాయింటు లీకు కావడానికి అది చాలు. బ్లాకుకు ఏమీ కాలేదు, పగుళ్లు కూడా లేవు. అయినా లైను పోయింది.

అందుకే జేసీబీని బెండుకు మీటరు ముందే ఆపి, బయటి మూలను గడ్డపారతో చేత్తో తవ్వించండి. ముందుగా బలం ఏ దిక్కుకు పోతుందో తాడుతో కనుక్కోండి. బెండు మధ్య నుంచి రెండు చేతుల వెంట ఒక్కో మీటరు కొలిచి మేకులు దిగగొట్టండి. ఆ రెండు మేకుల మధ్య తాడు కట్టి, తాడు సగం దగ్గర గుర్తు పెట్టండి. ఆ గుర్తు నుంచి బెండు మధ్య మీదుగా బయటికి ఇంకో తాడు లాగండి. బలం వెళ్లేది సరిగ్గా ఆ తాడు వెంట. ఇప్పుడు ఆ తాడుకు అడ్డంగా, మూలమట్టం పెట్టి చూసినట్టు, నేలను నిలువు గోడలా కోయాలి. కందకం మూల సహజంగా రెండు గోడలు కలిసే కోణంలా ఉంటుంది. దాన్ని అలాగే వదిలేస్తే బ్లాకు వెనక ముఖం పక్కకు జారే వీలుంటుంది.

గోడ మీద రాలిన మట్టి, వేర్లు, పొడి గులకరాళ్లు అన్నీ దులిపి, కదలని నేల కనిపించేదాకా గీకండి. పొరపాటున ఎక్కువ తవ్వితే మట్టితో పూడ్చవద్దు, ఆ ఖాళీ మొత్తం కాంక్రీటుతోనే నింపాలి. రెండు తట్టల కాంక్రీటు ఎక్కువవుతుందని ఇక్కడ చేయి బిగిస్తే, ఆ తర్వాత రోడ్డు మళ్లీ తవ్వాల్సి వస్తుంది.

రాయి తగిలితే పని సులువు అనుకుంటారు, నిజమే కానీ సగమే. బండరాతి గోడకు బ్లాకు ఆనితే చిన్న ముఖమైనా చాలు. కానీ కంప్రెసరుతోనో మందుగుండుతోనో కొట్టిన చోట రాతి గోడ ముందు పలుకులు విడిపోయి నిలబడి ఉంటాయి. గడ్డపారతో తట్టి చూడండి, డొల్ల శబ్దం వస్తే ఆ పలుకు తీసేయాల్సిందే. పైపుకూ రాతికీ మధ్య ఖాళీ లేకుండా కాంక్రీటు నిండాలి.

కాంక్రీటు పోయడం

బ్లాకు బెండు దగ్గర సన్నగా మొదలై నేల గోడ దగ్గర వెడల్పవుతుంది. మన ఉదాహరణలో బెండు దగ్గర 25 సెంటీమీటర్లు, గోడ దగ్గర 75, మధ్య దూరం 45. ఘనపరిమాణం 0.14 ఘనపు మీటర్ల లోపే. 1:2:4 పాళ్లలో కలిపితే బస్తా సిమెంటు కూడా పూర్తిగా పట్టదు. మూడు టన్నుల తోపును ఆపే పనికి ఖర్చు ఇంతే. పెద్ద ముద్ద పోసి చిన్న ముఖం ఆనించిన దానికంటే, చిన్న ముద్ద పోసి పెద్ద ముఖం ఆనించింది మేలు.

పోసే ముందు బెండుకు మందపాటి పాలిథిన్ షీటు రెండు పొరలు చుట్టండి. పీవీసీ అయితే తప్పనిసరి, లేకపోతే పంపు అదురుకు కాంక్రీటు అంచు పైపు గోడను గీరుతూ అరగదీస్తుంది. షీటు ఉంటే తర్వాత బెండు మార్చాల్సి వచ్చినా బ్లాకు పగలగొట్టి ఫిట్టింగును ముక్క కాకుండా తీయవచ్చు. కాంక్రీటు బెండు నడుము మీద మాత్రమే ఉండాలి. సాకెట్లు, బోల్టులు, రింగు కూర్చున్న అంచు బయటికి కనిపించాలి. అవి కప్పేస్తే టెస్టులో లీకు ఎక్కడుందో ఎవరికీ కనిపించదు, తర్వాత బిగించనూ లేరు. నేను బెండు రెండు సాకెట్ల చుట్టూ గోనె పట్టాలు కుక్కించి పోయిస్తాను, పని అయ్యాక అవి లాగేస్తే చేయి పట్టే ఖాళీ మిగులుతుంది.

బ్లాకు బెండు బయటి వైపు ఉండాలి, అంటే వంపు ఉబ్బిన వైపు. లోపలి మూలలో కాంక్రీటు పోసి పని ముగించిన చోట్లు చూశాను. లోపలి బ్లాకు ఆ బలాన్ని ఏమాత్రం ఆపదు. టీ అయితే కొమ్మకు ఎదురుగా, పెద్ద పైపు వెనక పోయాలి. 150 లైను మీద 100 కొమ్మకు ఇదే ఒత్తిడి దగ్గర 980 కేజీల చుట్టూ వస్తుంది.

గోడను నీళ్లు చల్లి తడిపి, కాంక్రీటు మూడు నాలుగు పొరలుగా పోస్తూ కడ్డీతో కుమ్మండి. గోడకు ఆనిన మూలల్లో గుల్లలు ఉండకూడదు. ఏడు రోజులు తడిపిన తర్వాతే ఒత్తిడి ఎక్కించండి. "రేపు పెద్దసారు వస్తున్నారు, టెస్టు పెట్టేద్దాం" అన్న మాటకు లొంగవద్దు. పచ్చి బ్లాకు మీద 9 కేజీలు ఎక్కిస్తే అది నలిగి పగులుతుంది. మళ్లీ అతకదు.

నల్లరేగడి సంగతి వేరు

గద్వాల, అలంపూర్ వైపు నల్ల నేలల్లో లెక్క ప్రకారం బ్లాకు పెద్దది చేస్తే చాలు అనిపిస్తుంది. 5 టన్నుల చొప్పున మన బెండుకే 0.87 చదరపు మీటర్లు, అంటే 125 సెంటీమీటర్ల వెడల్పు, 70 ఎత్తు. కాగితం మీద సరిపోతుంది. కానీ ఆ నేల ఎండాకాలంలో ముడుచుకుంటుంది. బ్లాకు వెనక గోడ దూరం జరిగి మధ్యలో వేలు పట్టే సందు పడుతుంది. అప్పుడు బ్లాకు దేనికీ ఆనడం లేదు. మొదటి వానకు ముందు కరెంటు పోయి పంపు ట్రిప్ అయిన రోజు ఆ సందు మేరకు బెండు జరుగుతుంది.

అలాంటి చోట నేను పైపునే ఒకదానికొకటి కట్టేస్తాను. డీఐ పైపులకు జాయింటును లాగినా ఊడకుండా పట్టే రకం రింగులు, గ్లాండులు దొరుకుతాయి. లేదా ఆ కొద్ది దూరం ఫ్లాంజి పైపులు వేయవచ్చు. అప్పుడు బలాన్ని ఆపేది పైపు చుట్టూ ఉన్న మట్టి రాపిడి. ఎన్ని జాయింట్లు కట్టాలో లెక్క కూడా సులువే.

లైను చివర డమ్మీని తీసుకుందాం. బలం 2,043 కేజీలు, 1.5 రెట్లు అంటే 3,065. పైపు మీద మీటరు మందం మట్టి, పైపు వెడల్పు 17 సెంటీమీటర్లు, మట్టి ఘనపు మీటరుకు 1.7 టన్నులు. కాబట్టి మీటరు పొడవు పైపు మీద 289 కేజీల మట్టి. రాపిడి పైపు పైనా కిందా రెండు వైపులా ఉంటుంది, అందుకే దాన్ని రెండింతలు చేయండి: 578. పైపు, అందులో నీటి బరువు మీటరుకు 45 కేజీలు కలిపితే 623. నల్లరేగడికి రాపిడి గుణకం 0.25 పెడితే మీటరుకు 156 కేజీల పట్టు. 3,065ను 156తో భాగిస్తే 19.6 మీటర్లు. పైపు 5.5 మీటర్లది కాబట్టి నాలుగు పైపులు, డమ్మీ నుంచి వెనక్కి నాలుగు జాయింట్లు కట్టాలి. 90 డిగ్రీల బెండయితే రెండు చేతుల్లోనూ ఇంతే దూరం కట్టండి. ఖరీదు బ్లాకు కంటే ఎక్కువే. కానీ ఈ నేలలో బ్లాకు ప్రతి ఎండాకాలం పరీక్షకు నిలబడాలి.

ఈ పట్టు పైన మట్టి పూడ్చి, పొరలుగా దిమ్మిస చేసిన తర్వాతే వస్తుంది. తెరిచి ఉన్న కందకంలో దీన్ని నమ్మి టెస్టు పెట్టవద్దు.

హెచ్‌డీపీఈ పైపు వెల్డింగుతో కలిపింది అయితే బెండు దగ్గర బ్లాకు అవసరం లేదు, పైపంతా ఒకటే ముక్క కాబట్టి లాగుడును అదే మోస్తుంది. జాగ్రత్త పడాల్సింది అది డీఐ లేదా పీవీసీ రింగు జాయింటుతో కలిసే చోట. ఒత్తిడి ఎక్కినప్పుడు హెచ్‌డీపీఈ కొద్దిగా ఉబ్బి పొడవు తగ్గుతుంది. ఎండలో వేసి రాత్రి చల్లబడితే ఇంకా తగ్గుతుంది. ఆ లాగుడుకు పక్కనున్న రింగు జాయింటు జారుతుంది. కలిపే చోట హెచ్‌డీపీఈ వైపు పట్టు కాలరు వేసి కాంక్రీటులో బిగించండి.

చివరలు, వాల్వులు, ఎత్తుపల్లాలు

లైను చివర డమ్మీ వెనక బ్లాకు కట్టేటప్పుడు రేపు లైను పొడిగిస్తారని గుర్తుంచుకోండి. డమ్మీకి, కాంక్రీటుకి మధ్య గట్టి చెక్క పలక ఒకటి, దాని వెనక పాలిథిన్ షీటు ఉంచితే పొడిగించే రోజు పని సులువవుతుంది.

మూసిన వాల్వు కూడా లైను చివరే. దీన్ని మర్చిపోవడం వల్ల జరిగే ప్రమాదం ఇలా ఉంటుంది. వాల్వుకు అవతల పైపు పగిలిందని వాల్వు మూసి, అవతలి పైపు కోస్తారు. అప్పటిదాకా అవతలి లైను ఆనుకుని ఉన్న వాల్వుకు ఇప్పుడు ఎదురు ఏమీ లేదు. ఇవతలి ఒత్తిడి మొత్తం దాన్ని మనుషులున్న గుంతలోకి నెడుతుంది. మన లైనులో నడిచే 6 కేజీల దగ్గరే అది 1,360 కేజీలు. అందుకే వాల్వును చాంబరు గోడలో పాతుకునే పడల్ ఫ్లాంజి ముక్కతో బిగించాలి, ఆ గోడ ఆ బలానికి తగ్గట్టు కాంక్రీటుతో ఉండాలి. ఇటుక గోడ చాలదు. అలా బిగించని పాత వాల్వు అయితే పంపు ఆపి, లైను ఖాళీ చేసి, గేజి సున్నా చూపాకే పైపు కోయండి.

లైను గుట్ట ఎక్కి దిగే చోట, పైకి ఉబ్బిన బెండు ఉంటే బలం ఆకాశం వైపు. అక్కడ మాత్రం బరువే ఆపాలి. 22.5 డిగ్రీల బెండుకు మన ఒత్తిడి దగ్గర 800 కేజీలు, భద్రతతో 1,200. కాంక్రీటు ఘనపు మీటరు 2,400 కేజీలు కాబట్టి అర ఘనపు మీటరు, ప్రతి వైపు 80 సెంటీమీటర్ల ఘనం. అది బెండు కింద ఉండాలి, 16 ఎంఎం కడ్డీ యు ఆకారంలో వంచి పైపు మీదుగా వేసి కాంక్రీటులో దింపాలి. కడ్డీకి పైపుకీ మధ్య రబ్బరు ముక్క పెట్టండి. వానాకాలం నీరు నిలిచే పల్లమైతే నీటిలో కాంక్రీటు బరువు ఘనపు మీటరుకు 1,400కు పడిపోతుంది. అప్పుడు 0.86 ఘనపు మీటర్లు కావాలి. కిందికి వంగిన బెండుకు బలం నేలలోకే పోతుంది, దాని కింద గట్టి నేల మీద చిన్న దిమ్మె చాలు.

టెస్టులో ఏం చూడాలి

పైపుల నడుముల మీద మట్టి పూడ్చి, జాయింట్లు మాత్రం తెరిచి ఉంచండి. ఎత్తైన చోట ఎయిర్ వాల్వు తెరిచి మెల్లగా నీరు నింపండి. గాలి చిక్కుకుంటే స్ప్రింగులా నొక్కుకుని ఉంటుంది, జాయింటు ఊడితే నీటి కంటే చాలా దూరం విసురుతుంది. నిండిన తర్వాత లైను ఒక రోజు అలా ఉంచండి.

ఒత్తిడి ఎక్కించే ముందు ప్రతి బెండు దగ్గర రెండు గుర్తులు పెట్టండి. స్పిగాట్ మీద సాకెట్ అంచు నుంచి సరిగ్గా 50 ఎంఎం దూరంలో పెయింటు గీత ఒకటి. బ్లాకు పక్కన, కందకం గోడకు దూరంగా కదలని నేలలో ఒక ఇనుప మేకు పాతి, దాని నుంచి బ్లాకు మీద గీసిన గీతకు దూరం మరొకటి. రెండూ పుస్తకంలో రాసుకోండి. 3 కేజీలకు ఆపి ఒకసారి, 6కు ఆపి ఒకసారి, 9కి వెళ్లాక మళ్లీ కొలవండి. బ్లాకు మొదట ఒక మిల్లీమీటరు కదిలి నిలిచిందంటే నేలకు ఆనుకుంది, పర్వాలేదు. ప్రతి మెట్టులోనూ కదులుతూ పోతుంటే, లేదా 9 దగ్గర పది నిమిషాలకోసారి కొలిచినా ఆగకపోతే, లీకు లేకపోయినా టెస్టు ఆపేయండి. బ్లాకు వెనక నేలమట్టం మీద విల్లులా వంగిన సన్నటి పగులు కనిపించినా అదే అర్థం, వెనక మట్టి తోసుకుపోతోంది. ఒత్తిడి సున్నాకు దించి, వెనక వైపు తవ్వి, ముఖం పెంచి మళ్లీ పోయాలి. ముందు వైపు కాంక్రీటు అద్దడం వల్ల ఉపయోగం లేదు.

ఒత్తిడి ఉన్నంతసేపు డమ్మీకి ఎదురుగా ఎవరినీ నిలబడనివ్వకండి. కొలిచే మనిషి పక్క నుంచి చూడాలి. బోల్టు బిగించడానికైనా ముందు ఒత్తిడి దించాలి.

పూడ్చిన తర్వాత

టెస్టు గెలిచిన బ్లాకు ఏళ్ల తర్వాత పోవడానికి నాకు తెలిసి ముఖ్య కారణం ఒక్కటే, ఎవరో దాని వెనక తవ్వడం. మురుగు కాలువకో, కేబులుకో, ఇంటి పునాదికో జేసీబీ వచ్చి బ్లాకు వెనక నేలను తీసేస్తుంది. కాంక్రీటు కనిపిస్తే డ్రైవరు ఆగుతాడు. కానీ ప్రమాదం కాంక్రీటు తగలడంలో లేదు, దాని వెనక రెండు మీటర్ల మట్టి పోవడంలో ఉంది. లైను నడుస్తుండగానే ఆ గోడ కూలి బెండు గుంతలోకి వస్తుంది.

ప్రతి బ్లాకు మీద నేలమట్టానికి గుర్తు రాయి పాతి, బలం వెళ్లే దిక్కుకు బాణం చెక్కించండి. బ్లాకు పైన అర మీటరు ఎత్తులో హెచ్చరిక టేపు పరచండి, దాన్ని బ్లాకు వెనక రెండు మీటర్ల దాకా పొడిగించండి. పంచాయతీకి ఇచ్చే నక్షాలో దగ్గరి కరెంటు స్తంభం నుంచో ఇంటి మూల నుంచో రెండు దూరాలు, లోతు, బ్లాకు కొలతలు, టెస్టు ఒత్తిడి రాయండి. వెనక తవ్వక తప్పని రోజు వస్తే ఆ కాగితం చూసి ముందు పంపు ఆపించి, ట్యాంకు వైపు వాల్వు మూయించి, ఆ ముక్క లైనులో ఒత్తిడి దించాకే బకెటు నేలకు తగిలించాలి. కొత్త కందకం గోడ బ్లాకుకు దగ్గరగా వస్తే ఆ మట్టి మళ్లీ పాత గట్టితనానికి రాదు, ఖాళీని కాంక్రీటుతో నింపించుకున్న తర్వాతే నీళ్లు వదలండి.